రిటర్న్ పార్సిల్ బల్ల మీదకు వచ్చాక: కొత్తవాళ్లు చదివి సొంతంగా చేసుకునే ఎస్‌ఓపీ

ప్రశ్న: మేడ్చల్ దగ్గర మా గోడౌన్. బట్టలు, చిన్న వంటింటి సామాన్లు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. రోజుకు వందకు పైగా రిటర్న్‌లు వస్తాయి. 14 పేజీల ఎస్‌ఓపీ రాసి అందరికీ ఇచ్చాను. అయినా కొత్తగా చేరినవాళ్లు ప్రతి పార్సిల్‌కీ వచ్చి అడుగుతున్నారు, లేదంటే అడగకుండా తప్పు చేస్తున్నారు. ఎవరినీ అడక్కుండా చేసుకునేలా ఎలా రాయాలి?

సమాధానం:

పదకొండేళ్లుగా గోడౌన్లలో పనిచేస్తున్నాను. అందులో ఆరేళ్లు రిటర్న్స్ బల్ల దగ్గరే గడిచాయి. మీ 14 పేజీలు నేను చూడలేదు కానీ, వాటిలో "సరిచూడాలి", "పాడైతే", "అవసరమైతే" అన్న మాటలు ఎన్నిసార్లు వచ్చాయో ఒకసారి లెక్కపెట్టండి. కొత్తవాళ్లు లేచి మీ దగ్గరకు వచ్చేది సరిగ్గా ఆ మాటల దగ్గరే.

నేను మొదటిసారి రాసిన కాగితంలో "పాడైన వస్తువులను వేరుగా ఉంచాలి" అని ఉండేది. వారం తర్వాత చూస్తే, అట్టపెట్టె మూల నొక్కుకుపోయిన మిక్సీలన్నీ డ్యామేజీ డబ్బాలో ఉన్నాయి. లోపల మిక్సీ కొత్తగానే ఉంది. చెమట వాసన కొడుతున్న చొక్కాలు మాత్రం చక్కగా మడతపెట్టి అమ్మకం ర్యాక్‌లోకి వెళ్లిపోయాయి. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. పాడవడం అంటే అతనికి తెలిసింది చిరగడం, పగలడం, నొక్కుకుపోవడం. వాసన కూడా చూడాలని నేను రాయలేదు. పెట్టె వేరు, వస్తువు వేరు అని కూడా రాయలేదు. ఆ రెండూ నా బుర్రలో ఉన్నాయి, కాగితం మీద లేవు.

కాబట్టి రాయడం మొదలుపెట్టకముందే ఒక రోజు మీ దగ్గర అందరికన్నా బాగా చేసే మనిషి పక్కన కూర్చోండి. ఏం చేస్తావని అడగకండి. అడిగితే "ఏముంది సార్, స్కాన్ చేసి, చూసి, పెడతాం" అంటారు. చేతుల్ని చూడండి. మా దగ్గర ఒక అక్క ఉండేది. చొక్కా తీయగానే కాలర్ ముక్కు దగ్గర పెట్టుకునేది. పెట్టె కోసేముందు టేపు మీద గోరుతో ఒకసారి గీసి చూసేది, కింద ఇంకో టేపు ఉందేమోనని. మిక్సీ పెట్టెను రెండు చేతులతో ఎత్తి ఒక్క క్షణం ఆగేది. అది బరువు చూడటం. ఈ మూడింటిలో ఒక్కటీ ఆమె నోటితో ఎవరికీ నేర్పలేదు, ఎందుకంటే తాను చేస్తున్నట్టు ఆమెకే తెలియదు. ఆ రోజు ఒక 40 పార్సిళ్లు అయ్యేదాకా ఆమె చేతులు చేసినవన్నీ నోట్‌బుక్‌లో రాశాను. మరుసటి రోజు ఒక కొత్త కుర్రాడి పక్కన కూర్చుని, "అన్నా, ఇది దేన్లో వెయ్యాలి?" అని అతను అడిగిన ప్రతి ప్రశ్నా రాశాను. ఆ రెండు జాబితాలే నా ఎస్‌ఓపీ అయ్యాయి. అంతకుముందు రాసిన పేజీల్లో చాలావరకు కొట్టేశాను.

ఇక పనిలోకి వద్దాం. మొదటి కాగితం గేటు దగ్గరది. రిటర్న్‌లలో డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే, పెట్టె తెరవకముందే. కొరియర్ అబ్బాయి తొందరలో ఉంటాడు, సంతకం పెట్టమంటాడు, కొత్తవాడు మొహమాటంతో పెట్టేస్తాడు. ఆ తర్వాత ఒక పార్సిల్ తక్కువ వచ్చిందని తేలినా, తడిసి వచ్చిందని తేలినా, అన్నీ బాగానే అందాయని మన సంతకమే చెబుతుంది. అందుకే గేటు కాగితం మీద ఇలా రాయండి:

స్కాన్ అంతా పూర్తయ్యేదాకా సంతకం పెట్టకండి.
స్కాన్ లెక్క, కొరియర్ షీటు లెక్క ఒకటే అయితే సంతకం పెట్టండి.
లెక్క తేడా ఉంటే, అందిన లెక్కను షీటు మీద రాసి, దాని కింద సంతకం పెట్టండి.
పార్సిల్ తడిసినా, చిరిగినా, టేపు ఊడినా, కొరియర్ అబ్బాయి ఉండగానే ఫోటో తీసి, షీటు మీద రాయండి.

దీని కిందే ఒక నిజమైన షీటు ఫోటో పెట్టండి. మాది ఇలా ఉండేది: షీటులో 62 పార్సిళ్లు, స్కాన్ అయినవి 61. షీటు మీద పెన్నుతో "61 మాత్రమే అందాయి, 4471తో ముగిసేది అందలేదు" అని రాసి, పక్కన సంతకం, టైము. ఆ ఫోటో చూశాక ఎవరూ నన్ను ఏం రాయాలని అడగలేదు. కొరియర్ వాళ్లు కాగితం మానేసి ఫోన్‌లోనే సంతకం తీసుకుంటుంటే, వాళ్ల యాప్‌లో లెక్క మార్చే చోటు స్క్రీన్ ఫోటో పెట్టండి. అలాంటి చోటు లేకపోతే, మీ స్కాన్ లిస్టును ఆ అబ్బాయి ఎదురుగానే వాళ్ల హబ్‌కు పంపమని రాయండి.

తర్వాత రెండు రకాల రిటర్న్‌లను వేరుచేయడం. కస్టమర్ తీసుకోకుండానే వెనక్కి వచ్చే ఆర్‌టీఓ ఒకటి, తీసుకుని, తెరిచి, వెనక్కి పంపిన కస్టమర్ రిటర్న్ ఇంకొకటి. సీనియర్లు లేబుల్ చూడగానే చెప్పేస్తారు. కొత్తవాళ్లకు రెండూ ఒకేలాంటి పొట్లాలు. మీ స్క్రీన్ మీద స్కాన్ చేయగానే ఏ మాట వస్తుందో ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాయండి. స్క్రీన్ మీద RTO అని ఇంగ్లిష్‌లో వస్తే కాగితం మీదా RTO అనే ఉండాలి. దాన్ని తెలుగులోకి మార్చి రాస్తే, కొత్తవాడు స్క్రీన్‌లో ఆ తెలుగు మాట కోసం వెతుకుతాడు.

ఇక్కడ ఒక నియమం పెట్టుకోండి. ఏ రకమో తెలియకపోతే కస్టమర్ రిటర్న్ అనుకుని చేయాలి. అలాగే ఆర్‌టీఓ అయినా మన టేపు మీద ఇంకో టేపు ఉంటే, అదీ కస్టమర్ రిటర్న్ దారిలోనే వెళ్లాలి, ఎందుకంటే దారిలో ఎవరో తెరిచి ఉండొచ్చు. కస్టమర్ రిటర్న్‌కు చెకింగ్ ఎక్కువ. పొరపాటున ఆర్‌టీఓను ఆ దారిలో పంపితే మూడు నిమిషాలు వృథా అవుతాయి, అంతే. అటుదాన్ని ఇటు పంపితే, లోపల సబ్బు బిళ్లలున్న పెట్టె మిక్సీగా ర్యాక్ ఎక్కుతుంది. తెలియనప్పుడు ఎటు మొగ్గాలో ఇలా ఒక్కో చోట ముందే తేల్చి రాస్తే కొత్తవాళ్లకు సగం టెన్షన్ పోతుంది.

ఇప్పుడు బల్ల. బల్ల మీద ఒకసారికి ఒక్క పార్సిలే తెరిచి ఉండాలి. దీన్ని కాగితంలో మొదటి వాక్యంగా, పెద్ద అక్షరాల్లో పెట్టండి. చొక్కాలు తారుమారై ఒకరి రిటర్న్ ఇంకొకరి ఖాతాలో పడటం మా దగ్గర ఎప్పుడు జరిగినా, బల్ల మీద రెండు కవర్లు తెరిచి ఉండగానే జరిగింది.

కోయడానికి ముందు తూకం, ఫోటోలు. వరుస ముఖ్యం. కోశాక తీసిన ఫోటోతో క్లెయిమ్ నిలబడటం కష్టం, ఎందుకంటే పెట్టె మన దగ్గరే మారలేదని అది చూపించలేదు. అందుకే లేబుల్ కనబడేలా ఒక ఫోటో, టేపు కనబడేలా ఒక ఫోటో, తూకం మిషన్ మీద అంకె కనబడేలా ఒక ఫోటో. కెమెరా బల్ల మీదకే బిగించి ఉంటే వీడియో దానంతట అదే వస్తుంది. అప్పుడు కాగితంలో "లేబుల్‌ను కెమెరాకు చూపి, రెండు లెక్కపెట్టి, కోయండి" అంటే చాలు. ఏ మార్కెట్‌ప్లేస్‌కు ఎన్ని రోజుల్లో క్లెయిమ్ వేయాలో మాత్రం ఈ కాగితంలో రాయకండి. ఆ గడువులు వాళ్లు మారుస్తుంటారు. దానికి వేరే చిన్న షీటు పెట్టి, క్లెయిమ్‌లు వేసే మనిషి దగ్గరే ఉంచండి. బల్ల దగ్గర కూర్చునేవాళ్లకు దాంతో పనిలేదు.

తూకం గురించి ఒక మాట. మిక్సీ లాంటివాటికి అది బాగా పనికొస్తుంది. మూడు జార్ల మిక్సీ మా దగ్గర నుంచి వెళ్లేటప్పుడు పెట్టెతో కలిపి 4.6 కిలోలు ఉండేది. పెట్టె, టేపు తేడాల వల్ల ఓ 200 గ్రాములు అటూఇటూ అవుతుంది. 3.9 కిలోలు వచ్చిందంటే ఒక జార్ లేనట్టే అనుకుని తెరవాలి. చొక్కాకు తూకం దండగ. ఏ చొక్కా పెట్టినా ఇంచుమించు అంతే బరువు ఉంటుంది. కాబట్టి ఏ వస్తువుకు తూకం చూడాలో, ఏ అంకె దాటితే తేడా అనుకోవాలో వస్తువు కాగితం మీదే రాయండి. అన్నిటికీ తూకం అని రాస్తే రెండు రోజులు చేసి, మూడో రోజు అన్నిటికీ మానేస్తారు.

అసలు పని గ్రేడింగ్. మీ 14 పేజీల్లో మీరు కూర్చుని తిరగరాయాల్సింది ఇదే. కొత్త మనిషికి తీర్పు చెప్పే పని ఇవ్వకండి. కంటితో చూసి అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్న ఇవ్వండి. ప్రశ్నలు నాలుగే, ఇదే వరుసలో: ఇది మనం పంపిన వస్తువేనా? అన్నీ ఉన్నాయా? వాడినట్టుందా? ప్యాకింగ్ బాగుందా? ఈ వరుస మార్చకండి. మా వాళ్లు మొదట ప్యాకింగ్‌నే చూసేవాళ్లు, ఎందుకంటే ముందు కంటికి ఆనేది అదే. పెట్టె బాగుంటే లోపలున్నదీ బాగుందని మనసు ముందే ఒప్పేసుకుంటుంది. అందుకే ప్యాకింగ్ చివరికి పోవాలి.

అయితే "వాడినట్టుందా?" అన్నది కూడా ఇంకా తీర్పే. ఒక్కో రకం వస్తువుకు దాన్ని విడగొట్టాలి. చొక్కాకు మేం ఇలా రాశాం:

కాలర్ లోపల, చంకల దగ్గర వాసన చూడండి. చెమట, సెంటు, సబ్బు, ఏ వాసన వచ్చినా అవును.
కాలర్ మడత లోపల ట్యూబ్‌లైట్ కింద చూడండి. పసుపు గీత గానీ, పౌడర్ గానీ ఉంటే అవును.
ట్యాగ్ దారం లాగి చూడండి. ట్యాగ్ ఊడినా, దారం ముడివేసి ఉన్నా అవును.

సబ్బు వాసన ఎందుకని మీరు అడగొచ్చు. వేసుకుని, ఉతికి, ఇస్త్రీ చేసి పంపేవాళ్లుంటారు. కొత్తవాడికి ఉతికిన చొక్కా శుభ్రంగా కనిపిస్తుంది కాబట్టి పాస్ చేస్తాడు. ఈ ఒక్క మాట కాగితం మీద లేక మేం చాలా చొక్కాలను రెండోసారి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

మిక్సీ దగ్గరికి వద్దాం, ఇక్కడ ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మొదటి ప్రశ్న, మనం పంపిందేనా అన్నది, మిక్సీ అడుగున ఉన్న సీరియల్ నంబర్ తేలుస్తుంది. పెట్టె మీది నంబర్, మిక్సీ అడుగున నంబర్, స్క్రీన్ మీద మనం పంపిన నంబర్, మూడూ ఒకటేనా? పంపేటప్పుడు మీరు సీరియల్ స్కాన్ చేయకపోతే ఈ ప్రశ్నకు జవాబే ఉండదు. అలాంటప్పుడు ముందు ప్యాకింగ్ వైపు ఆ స్కాన్ మొదలుపెట్టి, తర్వాతే ఈ వాక్యం రాయండి. చేయడానికి వీల్లేని పనిని కాగితం మీద పెడితే, మిగతా కాగితాన్ని కూడా వాళ్లు నమ్మడం మానేస్తారు.

వాడారా లేదా అన్నదానికి మేం జార్ లోపల, బ్లేడు కింద తెల్ల గుడ్డతో తుడవమని రాశాం. గుడ్డకు పసుపు గానీ, పిండి గానీ, తడి గానీ అంటితే అవును. ఇంకో గుర్తు ప్లగ్ పిన్నులు. సాకెట్‌లో పెట్టి తీస్తే పిన్నుల మీద గీతలు పడతాయి. మొదట మేం "పిన్నుల మీద గీతలుంటే వాడినట్టు" అనే రాశాం, దాంతో అసలు తెరవని మిక్సీలు కూడా వాడినవాటిలో చేరిపోయాయి. సరుకు బయటికి వదిలేముందు ఫ్యాక్టరీలోనే ప్లగ్ పెట్టి పరీక్షిస్తారు కాబట్టి కొత్త మిక్సీ పిన్నుల మీద కూడా సన్నగా ఒక గీత ఉండొచ్చు. అప్పుడు మా స్టాక్‌లోంచి సీల్ విప్పిన కొత్త మిక్సీ పిన్ను ఫోటో, నెల రోజులు వాడిన మిక్సీ పిన్ను ఫోటో పక్కపక్కన పెట్టి, "కుడివైపు ఫోటోలా ఉంటే అవును" అని మార్చాం. ఫోటో మీ బల్ల మీద, మీ వస్తువుకే తీసింది కావాలి. నెట్‌లో దొరికిన బొమ్మ వద్దు.

మిక్సీని ప్లగ్‌లో పెట్టి పరీక్షించే పని మాత్రం కొత్తవాళ్లకు ఇవ్వకండి. లోపల మోటారు తడిసి ఉందో లేదో బయటికి కనబడదు. దాన్ని చేసేవాళ్లు వేరే ఉండాలి, వేరే బల్ల ఉండాలి. మీ సామాన్లలో బ్యాటరీతో పనిచేసేవి ఉంటే ఇంకో వాక్యం కూడా తప్పనిసరి: బ్యాటరీ ఉబ్బినా, వేడిగా ఉన్నా, వింత వాసన వచ్చినా, గుచ్చకుండా, నొక్కకుండా అక్కడే వదిలి సూపర్‌వైజర్‌ను పిలవండి. కొత్తవాళ్లు అడగకుండా చేసుకోవాలన్నదే మన ఉద్దేశం గానీ, ఇలాంటి ఒకటి రెండు చోట్ల తప్పకుండా పిలవాల్సిందేనని ఎర్ర అక్షరాల్లో రాయాలి.

నాలుగు ప్రశ్నలు అయ్యాక వస్తువు ఏదో ఒక డబ్బాలో పడాలి. మా దగ్గర నాలుగు రంగుల క్రేట్లు ఉండేవి. ఆకుపచ్చది నేరుగా ర్యాక్‌కు. నీలం అంటే వస్తువు బాగుంది, ప్యాకింగ్ మార్చాలి. ఎరుపు అంటే అమ్మడానికి లేదు. నాలుగోది పసుపు, తేల్చలేకపోయినవాటికి. రంగులే ఎందుకంటే, మా బల్ల దగ్గర తెలుగువాళ్లతో పాటు ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు ఉండేవాళ్లు. ఎవరికైనా పచ్చ డబ్బా పచ్చ డబ్బానే. లోదుస్తుల్లాంటివి, సీల్ తీసిన క్రీములు ఎంత కొత్తగా కనిపించినా ఆకుపచ్చలో పడకూడదని మాత్రం ఆ క్రేటు మీదే అంటించండి.

పసుపు డబ్బా లేకుండా ఎస్‌ఓపీ రాయకండి. మీ కొత్తవాళ్లు ఇప్పుడు చేస్తున్నది రెండే, లేచి వచ్చి అడగడం, లేదా ఊహించి ఏదో ఒకదాంట్లో వేయడం. వాళ్లకు మూడో దారి లేదు. పసుపు డబ్బా ఆ మూడో దారి. రెండు నిమిషాల్లో తేలకపోయినా, కాగితంలో లేనిది ఏదైనా ఎదురైనా, ఒక చిన్న చీటీ మీద ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారో నంబర్ వేసి, వస్తువుతో కలిపి పసుపులో పెట్టి, తర్వాతి పార్సిల్ తీసుకోవాలి. సూపర్‌వైజర్ షిఫ్టులో రెండుసార్లు వచ్చి దాన్ని ఖాళీ చేయాలి, చేసేటప్పుడు జవాబు ఏమిటో ఆ మనిషికి చూపించాలి. పసుపులో వేసినందుకు ఎవరినీ ఒక్క మాట కూడా అనకూడదు. ఒక్కసారి విసుక్కుంటే చాలు, మర్నాటి నుంచి పసుపు ఖాళీగా ఉంటుంది, ఆ వస్తువులన్నీ ఆకుపచ్చలో ఉంటాయి.

ఆ చీటీలు పారేయకండి. వారానికోసారి నంబర్ల వారీగా పేర్చండి. ఒకే ప్రశ్న నంబర్ మీద చీటీలు కుప్ప పడితే ఆ వాక్యం అర్థం కావట్లేదని అర్థం, దాన్ని మార్చాలి. మా దగ్గర ఒక వారం మూడో వంతు చీటీలు "ట్యాగ్ సరిగా ఉందా" అన్న దగ్గరే వచ్చాయి. ట్యాగ్ ఉంది కానీ ఎమ్మార్పీ స్టిక్కర్ చిరిగింది, అది సరిగా ఉన్నట్టా లేనట్టా అని వాళ్ల సందేహం. ఎమ్మార్పీ చదవలేని వస్తువును మళ్లీ అమ్మకూడదు కాబట్టి దాన్ని నీలం డబ్బాకు పంపాలని ఒక వాక్యం చేర్చాం. ఆ తర్వాతి వారం ఆ నంబర్‌తో చీటీ రాలేదు.

కంప్యూటర్ పని ఎక్కడ చేయాలన్నది చాలామంది రాయరు. వస్తువు క్రేటులో పడ్డాకే స్క్రీన్ మీద బటన్ నొక్కాలి, ముందు కాదు. ముందే నొక్కేసి, అంతలో ఎవరో పిలిస్తే లేచి వెళ్లి, తిరిగొచ్చి ఆ వస్తువును ఇంకో క్రేటులో వేసినవాళ్లు ఉన్నారు. అప్పుడు స్క్రీన్‌లో ఒకటి, డబ్బాలో ఒకటి. అలాగే ఆకుపచ్చలో పడినంత మాత్రాన అది అమ్మకానికి వచ్చినట్టు సిస్టమ్‌లో కనబడకూడదు. ర్యాక్ దగ్గర బిన్ స్కాన్ అయ్యాకే స్టాక్ పెరగాలి. లేకపోతే కొత్త ఆర్డర్ దాని మీద పడుతుంది, పికర్ ర్యాక్ దగ్గరికి వెళ్తే అక్కడ ఖాళీ. మీ సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండు మెట్లూ వేరుగా లేకపోతే, ర్యాక్‌లో పెట్టేదాకా బల్ల దగ్గర బటన్ నొక్కొద్దని రాయడమే దారి.

ఇక భాష. మన ఆఫీసు తెలుగులో "పార్సిల్ తెరవబడిన పిమ్మట వస్తువు పరిశీలించబడవలెను" అని రాసే అలవాటు ఉంది. ఎవరు పరిశీలించాలో అందులో లేదు. "పెట్టె కోసి, వస్తువు బయటికి తీయండి" అని ఎదురుగా ఉన్న మనిషితో చెప్పినట్టే రాయండి. వాక్యానికి ఒక్క పనే ఉండాలి, లేదా విడదీయలేని రెండు. షరతు ఎప్పుడూ ముందు రావాలి. "కోయకముందు ఫోటో తీయండి, టేపు మీద టేపు ఉన్నట్లయితే" అని రాస్తే, షరతు చదివేలోపే చెయ్యి పనిలోకి దిగుతుంది. "టేపు మీద టేపు ఉంటే" అని మొదలుపెడితే ఆగి చూస్తారు. "పైన చెప్పిన విధంగా", "3వ పేజీ చూడండి" అన్నవి తీసేయండి. చేతిలో కట్టర్ ఉన్న మనిషి పేజీలు తిప్పడు. గేటుకు ఒక కాగితం, బల్లకు ఒకటి, ఒక్కో వస్తువు రకానికి ఒకటి, షిఫ్టు చివర లెక్కకు ఒకటి. ప్రతిదీ ఏ4కు ఒకవైపే, ల్యామినేషన్ చేసి, ఆ పని జరిగే చోటే కళ్ల ఎత్తులో ఉండాలి. ఎందుకు చేయాలన్న కారణాలు, బాధ్యతలు, ఆమోదాలు అవన్నీ ఆఫీసు ఫైల్లో ఉంచుకోండి.

రాశాక దాన్ని పరీక్షించాలి. "అర్థమైందా?" అని అడగడం పరీక్ష కాదు, అందరూ అర్థమైందనే అంటారు. మేం చేసింది ఇది. జవాబు మాకు ముందే తెలిసిన 20 పార్సిళ్లు తయారుచేశాం. కొన్ని మామూలివి. కొన్నిట్లో కావాలనే తేడాలు పెట్టాం: ఉతికిన చొక్కా ఒకటి, ఎల్ సైజు ట్యాగుతో ఎమ్ చొక్కా ఒకటి, రెండు జార్లే ఉన్న మిక్సీ ఒకటి, టేపు మీద టేపు వేసిన ఆర్‌టీఓ ఒకటి, కాగితంలో ఎక్కడా లేని వస్తువు ఒకటి. ప్యాకింగ్ వైపు పనిచేసే, రిటర్న్‌లు ఎప్పుడూ ముట్టని అమ్మాయిని కూర్చోబెట్టాం. నేను వెనక నిలబడ్డాను. నోరు మెదపకూడదన్నది నాకు నేను పెట్టుకున్న నియమం. ఆమె తిరిగి నా ముఖం చూసినా కాగితం వైపే చూపించాను. ఎక్కడ ఆగిందో, ఏ వాక్యం రెండోసారి చదివిందో గుర్తు పెట్టుకున్నాను.

20లో 13 సరిగ్గా పడ్డాయి. తప్పైన 7లో 5 ఒకే వాక్యం దగ్గర తప్పాయి, "ఉపకరణాలన్నీ ఉన్నాయో లేదో చూడండి" అన్న దగ్గర. ఆమె పెట్టెలో ఉన్నవి చూసింది. ఎన్ని ఉండాలో ఆమెకు ఎలా తెలుస్తుంది? ఆ వాక్యం తీసేసి, వస్తువులన్నీ బల్ల మీద పరిచిన ఫోటో పెట్టి, ఒక్కోదాని మీద అంకె వేశాం: 1 మిక్సీ, 2, 3, 4 జార్లు, 5, 6, 7 మూతలు, 8 గరిటె, 9 బుక్‌లెట్, వారంటీ కార్డు. "ఫోటో పక్కన పెట్టి, 1 నుంచి 9 వరకు వేలు పెట్టి లెక్కపెట్టండి" అని రాశాం. మళ్లీ పరీక్ష ఇంకో కొత్త మనిషితో చేశాం, ఎందుకంటే మొదటి అమ్మాయికి ఇప్పుడు జవాబులు తెలుసు. ఈసారి 18 సరైన డబ్బాల్లో, 2 పసుపులో పడ్డాయి. ఆ రెండింటిని నేను తప్పుగా లెక్కపెట్టను. వాడిన వస్తువో, లోటున్న వస్తువో ఆకుపచ్చలో ఒక్కటి కూడా పడకపోతే కాగితం పాసైనట్టు. ఒక్కటి పడినా మళ్లీ రాయాల్సిందే, మిగతా 19 సరిగ్గా ఉన్నా సరే.

షిఫ్టు చివర లెక్క కాగితం చాలా చిన్నది. గేటు దగ్గర అందినవి 61 అయితే, ఆకుపచ్చ 34, నీలం 9, ఎరుపు 6, పసుపు 4, ఇంకా తెరవనివి 8, కలిపితే 61 రావాలి. క్రేట్లలో వస్తువులను చేత్తో లెక్కపెట్టాలి, స్క్రీన్ చూసి కాదు. ఒకటి తక్కువైతే ముందు బల్ల కింద, ఖాళీ కవర్ల సంచిలో వెతకమని రాయండి. తప్పిపోయిన చిన్న వస్తువులు మా దగ్గర ఎక్కువగా ఆ సంచిలోనే దొరికేవి. అందుకే లెక్క కుదిరేదాకా ఆ చెత్త సంచి బయటికి వెళ్లకూడదని ఒక వాక్యం కూడా ఉండాలి.

మార్పులు చేసేటప్పుడు ప్రతి కాగితం అడుగున తేదీ వేయండి, మార్చే అధికారం ఒక్కరికే ఇవ్వండి. కొత్తది అంటించే మనిషే పాతది చింపి తెచ్చి మీ చేతికివ్వాలి. మా గోడౌన్‌లో ఒకసారి రెండో బల్ల దగ్గర పాత మిక్సీ కాగితం నెల రోజులు అలాగే ఉండిపోయింది, పిన్నుల మీద గీతల వాక్యంతో సహా. ఆ బల్ల నుంచి ఎరుపు డబ్బాలు ఎందుకు అంత తొందరగా నిండుతున్నాయో తెలుసుకోవడానికి నాకు ఆ నెలంతా పట్టింది.

మీరు ఒకేసారి అన్నీ రాయక్కర్లేదు. ఈ వారం గేటు కాగితం, చొక్కా కాగితం, పసుపు డబ్బా, ఈ మూడూ పెట్టండి. వారం తర్వాత పసుపు డబ్బాలోని చీటీలు ఏ నంబర్ మీద ఎక్కువ పడ్డాయో ఇక్కడ రాస్తే, ఆ వాక్యం ఎలా మార్చాలో కలిసి చూద్దాం.